ఉద్యోగం మారాక పాత జీతం ఖాతా: ఉంచుకోవాలా, మార్చుకోవాలా, మూసెయ్యాలా?

కావలిలో ఉండే మా అక్క కొడుకు చెన్నైలో నాలుగేళ్లు ఒక కంపెనీలో పనిచేసి, మే నెలాఖరున అక్కడ మానేసి, జూన్‌లో కృష్ణపట్నం ఓడరేవు దగ్గర సరుకు రవాణా చూసే ఒక సంస్థలో చేరాడు. కొత్త సంస్థ వాళ్లు తమ బ్యాంకులో అతనికి కొత్త ఖాతా తెరిపించారు. ఏటా డిసెంబరులో ఒక బీమా ప్రీమియం పాత ఖాతా నుంచే దానంతట అది కోతపడుతుంది కాబట్టి, చెన్నైలో తెరిచిన ఆ జీతం ఖాతాలో 2,000 రూపాయలు ఉంచి ఇక దాని ఊసు మరిచిపోయాడు. డిసెంబరు ఆఖరుకు అందులో మిగిలింది ఒక రూపాయి పది పైసలు. ప్రీమియం కూడా కట్టబడలేదు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు స్టేట్‌మెంటు నా ముందు పెట్టి, "నేను ఒక్క రూపాయి తియ్యలేదు మామా, మరి డబ్బంతా ఏమైనట్టు?" అని అడిగాడు.

నేను నెల్లూరులో ఒక మధ్యతరహా సంస్థలో చాలా ఏళ్లుగా జీతాల లెక్కలు చూస్తున్నాను. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి, చీమకుర్తి గ్రానైటు కంపెనీల నుంచి, శ్రీసిటీ నుంచి మా దగ్గరకు వచ్చి చేరేవాళ్లలో చాలామందికి ఇలాంటి పాత ఖాతాలు ఒకటో రెండో ఉంటాయి. వాటిని ఏం చెయ్యాలన్న ప్రశ్నకు నాలుగు జవాబులున్నాయి. వాటిలో ఎవరికి ఏది తగినదో తెలియాలంటే, ముందుగా ఆ ఖాతా ఎందుకు మారిపోతుందో, మారాక లెక్క ఎలా నడుస్తుందో తెలియాలి.

ఖాతా మీది, సదుపాయం కంపెనీది

జీతం ఖాతా అనేది ప్రత్యేకమైన ఖాతా ఏమీ కాదు. అది మామూలు సేవింగ్స్ ఖాతాయే. బ్యాంకు కంప్యూటర్లో ప్రతి ఖాతాకూ, అది ఏ రకం ఖాతాయో చెప్పే ఒక స్కీమ్ కోడ్ ఉంటుంది. జీతం ఖాతాకు ఆ కోడ్‌తో పాటు, అది ఏ కంపెనీ ఉద్యోగిదో చెప్పే మరో కోడ్ కూడా తగిలించి ఉంటుంది. కనీస నిల్వ అక్కర్లేకపోవడం, కార్డుకు ఏటా రుసుము లేకపోవడం, కొన్ని బ్యాంకుల్లో ప్రమాద బీమా, ఓవర్‌డ్రాఫ్టు వంటివన్నీ ఈ కోడ్‌లను బట్టి వచ్చేవే. ఒప్పందం బ్యాంకుకూ కంపెనీకీ మధ్య జరుగుతుంది. ఉద్యోగి అందులో సంతకం చేసే పక్షం కాడు. ప్రతి నెలా వందల మంది జీతాలు తన దగ్గరే పడతాయన్న భరోసా ఉంది కాబట్టే బ్యాంకు కనీస నిల్వను వదులుకుంటుంది. ఆ రాబడి ఆగినప్పుడు వదులుకోవడానికి దానికి కారణం ఉండదు. అప్పుడు స్కీమ్ కోడ్ మారుతుంది. ఖాతా సంఖ్య, కార్డు, చెక్కుబుక్కు అన్నీ అలాగే ఉంటాయి కాబట్టి, బయటికి ఏమీ మారినట్టు కనిపించదు.

ఎన్నాళ్లకు మారుతుందనేది బ్యాంకును బట్టి ఉంటుంది. స్టేట్ బ్యాంకు తన శాలరీ ప్యాకేజీ నియమాల్లో, వరుసగా మూడు నెలలకు మించి జీతం పడకపోతే ప్రత్యేక సదుపాయాలను తీసేసి మామూలు సేవింగ్స్ ఖాతాగా పరిగణిస్తామని రాసుకుంది. చాలా బ్యాంకుల గడువు ఈ మూడు నెలల చుట్టుపక్కలే ఉంటుంది. కొన్నిచోట్ల పాత కంపెనీయే, మానేసిన ఉద్యోగుల జాబితాను బ్యాంకుకు పంపుతుంది. అప్పుడు మూడు నెలలు కూడా ఆగనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కొత్త యజమాని పాత ఖాతాలోనే నెలనెలా జీతం వేస్తున్నా, అది మామూలు ఖాతాగా మారిపోవచ్చు. మేము జీతాలు వేసేటప్పుడు ఉద్యోగుల ఖాతా సంఖ్యలు, మొత్తాలు ఉన్న ఒక ఫైలును మా బ్యాంకు కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లో ఎక్కిస్తాం. మా బ్యాంకులోనే ఖాతా ఉన్నవాళ్లకు అది మా కంపెనీ కోడ్‌తో జీతంగా పడుతుంది. వేరే బ్యాంకులో ఖాతా ఉన్నవాళ్లకు అదే జీతం నెఫ్ట్‌లో వెళుతుంది. ఆ రెండో బ్యాంకుకు మా కంపెనీతో ఒప్పందం లేకపోతే, దాని కంప్యూటరుకు అది ఎవరో పంపిన 28,000 రూపాయలే తప్ప జీతం కాదు. ఒంగోలు, నెల్లూరుల్లోని చిన్న సంస్థలు చాలావరకు, "ఏ బ్యాంకైనా సరే, పాస్‌బుక్కు నకలు ఇవ్వు" అంటాయి. అది ఉద్యోగికి సౌకర్యంగానే కనిపిస్తుంది. కానీ జీతం వస్తోంది కాబట్టి ఖాతా ఇంకా జీతం ఖాతాయేనని అనుకోవడానికి వీల్లేదు.

మారిందీ లేనిదీ తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మొబైల్ యాప్‌లో ఖాతా వివరాల పేజీలో గానీ, స్టేట్‌మెంటు పై భాగంలో గానీ ఖాతా రకం రాసి ఉంటుంది. అక్కడ శాలరీ అన్న మాట ఉందా, మామూలు సేవింగ్స్ అని ఉందా చూడాలి. జీతం పడిన వరుసలో వివరణ కూడా చదవాలి. జీతంగా పడితే సాధారణంగా SAL లేదా SALARY అని ఉంటుంది, లేకపోతే NEFT తరవాత కంపెనీ పేరు మాత్రమే ఉంటుంది. అనుమానంగా ఉంటే శాఖలో ఖాతా స్కీమ్ ఏమిటని అడిగితే నిమిషంలో చెబుతారు.

రెండు వేలు ఒక రూపాయి పది పైసలైన తీరు

మా మేనల్లుడి ఖాతా ఒక ప్రైవేటు బ్యాంకుది. ఆ బ్యాంకు రుసుముల పట్టిక ప్రకారం, మహానగరాల్లోనూ నగరాల్లోనూ ఉన్న శాఖల్లో తెరిచిన మామూలు ఖాతాకు నెలవారీ సగటు నిల్వ 10,000 రూపాయలుండాలి. తగ్గితే, తగ్గిన మొత్తం మీద 6 శాతం గానీ 600 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి వసూలు చేస్తారు.

జూన్, జులై, ఆగస్టు నెలల్లో జీతం పడలేదు. సెప్టెంబరు మొదట్లో స్కీమ్ మారింది. ఆ నెలంతా నిల్వ 2,000 మాత్రమే కాబట్టి నియమం తప్పినట్టయింది. అయితే రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న ఇచ్చి 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన ఆదేశం ప్రకారం, నిల్వ తగ్గిన వెంటనే బ్యాంకు డబ్బు కొయ్యకూడదు. ఎస్సెమ్మెస్ ద్వారానో ఈమెయిల్ ద్వారానో ఉత్తరం ద్వారానో ఖాతాదారుకు ముందుగా తెలియజేసి, నిల్వను సరిచేసుకోవడానికి నెల రోజుల గడువివ్వాలి. బ్యాంకు అక్టోబరు మొదట్లో ఎస్సెమ్మెస్ పంపింది. అది చేరింది పాత కంపెనీ ఇచ్చిన సిమ్ముకు. ఉద్యోగం మానేసిన రోజునే అతను ఆ సిమ్మును తిరిగి ఇచ్చేశాడు; ఈమెయిల్ కూడా కంపెనీదే. ఈ ఒక్క పొరపాటు తరవాతి నష్టానికంతటికీ మూలం.

అక్టోబరులోనూ నిల్వ 2,000 రూపాయలే. తగ్గుదల 8,000. దాని మీద 6 శాతం 480, జీఎస్టీ 86 రూపాయల 40 పైసలు, వెరసి 566.40. నవంబరు 1న ఈ మొత్తం కోతపడి నిల్వ 1,433.60కి వచ్చింది. నిల్వ తగ్గింది కాబట్టి తగ్గుదల పెరిగింది, దానితో తరవాతి నెల రుసుము కూడా పెరిగింది. నవంబరు తాలూకు 606.50ని డిసెంబరు 1న కోస్తే మిగిలింది 827.10. డిసెంబరు 5న 1,250 రూపాయల బీమా ప్రీమియం కోసం కోత వచ్చింది. డబ్బు చాలక అది తిరిగిపోయింది. అలా తిరిగిపోయినందుకు 500, జీఎస్టీ 90, మొత్తం 590 రూపాయలు పోయి 237.10 మిగిలింది. డిసెంబరు 20న డెబిట్ కార్డు ఏడాది రుసుము 200, జీఎస్టీ 36. జీతం ఖాతాగా ఉన్నప్పుడు ఆ కార్డు ఉచితం. ఇక మిగిలింది ఆ రూపాయి పది పైసలే.

కథ అక్కడితో ఆగలేదు. డిసెంబరు సగటు నిల్వ సుమారు 222 రూపాయలు. దాని మీద లెక్క కట్టిన రుసుము జీఎస్టీతో 692 దాకా అయింది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, కనీస నిల్వ రుసుము కారణంగానే ఖాతా సున్నా కంటే దిగిపోకూడదు. అందుచేత బ్యాంకు ఉన్నది తీసుకుని, మిగతాదాన్ని రావలసిన బాకీగా రాసుకుంది. ప్రీమియం కడదామని అతను జనవరిలో 3,000 వేసిన రోజునే ఆ బాకీ కోతపడింది. గ్యాసు రాయితీయో ఆదాయపన్ను వాపసో అలాంటి ఖాతాకు వచ్చి పడినా జరిగేది ఇదే.

ఒక పక్కమాట. ఇలా రుసుముల కిందే డబ్బు పోతున్నంతకాలం ఖాతాదారు ఏదో వాడుతున్నట్టు కాదు. రెండేళ్లకు మించి ఖాతాదారు చేసిన లావాదేవీ ఏదీ లేకపోతే అది నిష్క్రియ ఖాతా అవుతుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అలాంటి ఖాతాల మీద కనీస నిల్వ రుసుము వెయ్యకూడదు. కానీ ఆ రెండేళ్ల లోపల జరిగేది ఇప్పుడు చూశాం కదా.

దారులు, వాటి బేరీజు

మొదటి దారి, పాత ఖాతానే కొత్త కంపెనీ జీతం ఖాతాగా మార్పించుకోవడం. కొత్త కంపెనీకి అదే బ్యాంకుతో ఒప్పందం ఉంటే ఇంతకంటే మంచిది లేదు, ఎందుకంటే ఈఎమ్‌ఐలు, బీమా, పీఎఫ్‌లో ఇచ్చిన ఖాతా ఏదీ కదపనక్కర్లేదు. అయితే ఇది దానంతట అది జరగదు. కొత్త కంపెనీ నియామకపత్రం గానీ మొదటి జీతపు చీటీ గానీ తీసుకుని శాఖకు వెళ్లి, తన ఖాతాకు కొత్త కంపెనీ కోడ్ తగిలించమని రాతపూర్వకంగా అడగాలి. జీతాలు చూసేవాళ్లకు కూడా చెప్పి, వాళ్లు బ్యాంకుకు పంపే జాబితాలో కొత్త ఖాతా కాకుండా ఈ ఖాతా సంఖ్యే ఉండేలా చూసుకోవాలి. చేరేరోజు బ్యాంకు వాళ్లు కంపెనీకి వచ్చి అందరిచేతా వరసగా ఫారాలు నింపిస్తారు. ఆ సందడిలో పాత ఖాతా ఉన్న సంగతి ఎవరూ అడగరు, మనమూ చెప్పం, అదే బ్యాంకులో రెండో ఖాతా తయారవుతుంది. కోడ్ మారిందీ లేనిదీ మొదటి జీతం పడిన తరవాత యాప్‌లో చూసుకుంటే తెలిసిపోతుంది. ఒప్పందం లేని చిన్న సంస్థలో చేరినవాళ్లు కూడా నియామకపత్రం చూపించి అడగవచ్చు. కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

రెండో దారి, మామూలు సేవింగ్స్ ఖాతాగానే ఉంచుకుని కనీస నిల్వ పాటించడం. ఇది దండగ అని చాలామంది అంటారు గానీ, లెక్క వేస్తే అంత చెడ్డదేమీ కాదు. సేవింగ్స్ ఖాతాలో రెండున్నర శాతం, ఫిక్స్‌డ్ డిపాజిట్లో 6 శాతం వడ్డీ వస్తుందనుకుంటే, 10,000 రూపాయలు ఖాతాలో కదలకుండా ఉంచడం వల్ల ఏడాదికి పోయేది 350 రూపాయలు. 2,000 మాత్రమే ఉంచితే పోయేది ఒక్క నెలకే 566. ఆ బ్యాంకులో గృహరుణమో వాహన రుణమో నడుస్తుంటే, డీమ్యాట్ ఖాతా దానికి తగిలించి ఉంటే, 350 రూపాయల కోసం అన్నీ మార్చుకునే శ్రమ పడనక్కర్లేదని నా అభిప్రాయం. ఎటూ కాకుండా సగం సగం డబ్బు ఉంచడమే అన్నిటికంటే ఖరీదైనది.

నిల్వ పాటించేవాళ్లు సగటు అన్న మాటను బాగా అర్థం చేసుకోవాలి. రోజూ 10,000 ఉండాలని దాని అర్థం కాదు. నెలలో ప్రతి రోజు ముగిసేటప్పుడున్న నిల్వలన్నీ కూడి, రోజుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది 10,000కు తగ్గకూడదు. 30 రోజుల నెలకు ఆ కూడిక 3 లక్షలు రావాలి. ఇరవయ్యో తేదీ దాకా 2,000 మాత్రమే ఉందని ఆలస్యంగా చూసుకుంటే, అప్పటికి కూడిక 40,000 అయింది. మిగిలిన 2,60,000ని పది రోజుల్లో పూడ్చాలంటే రోజూ 26,000 ఉంచాలి. ఇరవై ఒకటో తేదీన 8,000 తెచ్చి వేసి పదివేలు చేశాను కదా అనుకుంటే సగటు 4,700 దగ్గరే ఆగుతుంది, రుసుము తప్పదు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు మన జిల్లాల్లో పనికొచ్చే చిట్కా ఒకటుంది. కనీస నిల్వ, ఖాతా ఏ శాఖలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. రిజర్వు బ్యాంకు వర్గీకరణలో 10 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్నవి మెట్రో, లక్ష నుంచి 10 లక్షల లోపు అర్బన్, 10,000 నుంచి లక్ష లోపు సెమీ అర్బన్, అంతకు తక్కువైతే గ్రామీణం. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు, ఒంగోలు లక్ష దాటాయి. కావలి లక్షకు లోపే ఉంది. చాలా ప్రైవేటు బ్యాంకులు మెట్రోకూ అర్బన్‌కూ ఒకే నిల్వ పెట్టి, సెమీ అర్బన్‌కు సగం పెడతాయి. అందుచేత చెన్నై శాఖ నుంచి నెల్లూరుకు మార్చుకుంటే ఏమీ తగ్గదు, కావలికి మార్చుకుంటే 10,000 కాస్తా 5,000 అవుతుంది. మా మేనల్లుడు జూన్‌లోనే ఆ పని చేసి ఉంటే, అదే 2,000 నిల్వకు అక్టోబరు రుసుము 566కు బదులు జీఎస్టీతో కలిపి 212.40 అయ్యేది. శాఖ మారితే ఐఎఫ్‌ఎస్‌సీ మారుతుంది కాబట్టి, డబ్బు పంపేవాళ్లకు కొత్తది ఇవ్వాలి. తగ్గింపు ఏ నెల నుంచి వర్తిస్తుందో దరఖాస్తు ఇచ్చేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఖాతా ఎప్పుడు తెరిచారన్నది కూడా చూడాలి. 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు ఆ నెల 1 నుంచి తెరిచే కొత్త ఖాతాలకు మెట్రో, అర్బన్ శాఖల్లో 50,000 నిల్వ ఉండాలని ప్రకటించింది. విమర్శలు రావడంతో ఆ నెల మధ్యకల్లా దాన్ని 15,000కు, సెమీ అర్బన్‌లో 7,500కు, గ్రామీణ శాఖల్లో 2,500కు తగ్గించింది. పక్కింటివాళ్ల ఖాతాకున్న నియమమే మన ఖాతాకూ ఉంటుందని అనుకోకూడదనడానికి ఇదొక ఉదాహరణ.

మూడో దారి, నిల్వ అక్కర్లేని ఖాతాకు మారడం. ఇది రెండు విధాలుగా వీలవుతుంది. ఒకటి, కనీస నిల్వ రుసుము ఎత్తేసిన ప్రభుత్వరంగ బ్యాంకు. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనూ, కెనరా బ్యాంకు 2025 జూన్‌లోనూ, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకు 2025 జులైలోనూ ఎత్తేశాయి. మన వైపు ఇంకా చాలామంది సిండికేట్ బ్యాంకు అనే పిలిచే శాఖలు 2020 నుంచి కెనరావే. జీతం ఖాతా ఈ బ్యాంకుల్లో ఉన్నవాళ్లకు కనీస నిల్వ విషయంలో బెంగ లేదు. కార్డు రుసుము వంటివి మొదలవడం, జీతం ఖాతాతో వచ్చే ప్రమాద బీమా పోవడం మాత్రం వాళ్లకూ తప్పదు. ఆ బీమా ఉందనుకుని వేరే పాలసీ తీసుకోనివాళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

రెండోది, ఉన్న బ్యాంకులోనే ఖాతాను బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అడగడం. రిజర్వు బ్యాంకు 2012 ఆగస్టు నుంచి ప్రతి బ్యాంకూ ఈ ఖాతాను అందరికీ ఇవ్వాలని చెప్పింది; ఇది పేదలకు మాత్రమే అన్న అభిప్రాయం సరికాదు. కనీస నిల్వ లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగు సార్లు డబ్బు తీసుకోవడం ఉచితం. పరిమితి ఏమిటంటే, ఆ బ్యాంకులో మరో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. ఉంటే 30 రోజుల్లో మూసెయ్యాలి. ఏడాదికొక ప్రీమియం, అప్పుడప్పుడూ వచ్చే వాపసు డబ్బు తప్ప వేరే పని లేని ఖాతాకు ఇది చక్కగా సరిపోతుంది. శాఖల్లో దీన్ని గురించి వాళ్లంతట వాళ్లు చెప్పరు. అడిగినా, "మీకెందుకండీ, అది కూలీలకు" అన్న మాట వినిపించవచ్చు. అప్పుడు దరఖాస్తు రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి.

నాలుగో దారి మూసెయ్యడం. ఖాతా మీద ఆధారపడినవి ఏమీ లేకపోతే ఇదే సరైనది. మూసే ముందు వరస తప్పకూడదు. మొదట గత ఏడాది స్టేట్‌మెంటును పైనుంచి కిందికి చదివి, ఏటా ఒక్కసారే వచ్చే కోతలతో సహా అన్నీ గుర్తించి, వాటిని కొత్త ఖాతాకు మార్చాలి. మార్చడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది; కొత్త ఖాతా నుంచి ఒక్క వాయిదా అయినా కోతపడిందని చూశాకే పాతదాన్ని ముట్టుకోవాలి, ఎందుకంటే మధ్యలో ఒక ఈఎమ్‌ఐ తిరిగిపోతే బ్యాంకు రుసుముతో పాటు అప్పు ఇచ్చిన సంస్థ కూడా విడిగా రుసుము వేస్తుంది, క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది. తరవాత పీఎఫ్‌లో, ఆదాయపన్ను పోర్టల్‌లో ఇచ్చిన ఖాతా మార్చాలి. ఆధార్‌తో రాయితీలు పడే ఖాతా కూడా ఇదే అయితే, కొత్త బ్యాంకులో ఆధార్ అనుసంధానం చేయించాలి. గత కొన్నేళ్ల స్టేట్‌మెంట్లు దించుకుని దాచుకోవాలి. గృహరుణానికి వెళ్లినప్పుడు అవి అడుగుతారు, మూసేశాక యాప్ పనిచేయదు. ఆ తరవాతే మూసివేత ఫారం, మిగిలిన చెక్కులు, కార్డు ఇచ్చి రసీదు తీసుకోవాలి. చాలా బ్యాంకుల్లో ఖాతా తెరిచి ఏడాది దాటితే మూసినందుకు రుసుము ఉండదు. తెరిచిన రెండు వారాల తరవాత, ఏడాది లోపల మూస్తే ఉంటుంది. ప్లాంటులో ఆరు నెలలు చేసి మానేసినవాళ్లు ఈ తేడా చూసుకుని, మిగిలిన నెలల నిల్వ రుసుము ఎక్కువా, మూసివేత రుసుము ఎక్కువా అని లెక్క వేసుకోవాలి.

నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది: అదే బ్యాంకుతో కొత్త కంపెనీకి ఒప్పందం ఉంటే మొదటి దారి, ఆ బ్యాంకులో అప్పు నడుస్తుంటే రెండోది, వీలైతే శాఖ మార్పుతో, చిన్న చిన్న కోతలే ఉంటే బేసిక్ ఖాతా, ఏమీ లేకపోతే మూసివేత. వీటిలో ఏదైనా చివరి జీతం పడిన రెండు నెలల్లోపు మొదలుపెట్టాలి. దేనికైనా ముందు, మానేసిన రోజునే, బ్యాంకులో ఉన్న ఫోను నంబరును, ఈమెయిల్‌ను సొంతవాటికి మార్చుకోవాలి.

డబ్బు ఇప్పటికే పోయినవాళ్లు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా పంపవచ్చు, 14448కి ఫోను చేసి వివరాలు అడగవచ్చు. ఖాతా మారిందని నాకు తెలియదన్న వాదన ఒక్కటే ఉంటే నిలబడటం కష్టం. ముందుగా తెలియజేయకుండా కోశారనో, నెల గడువివ్వలేదనో, తగ్గుదలతో సంబంధం లేకుండా ఒకే మొత్తం కోశారనో, రుసుము కారణంగా నిల్వ సున్నాకు దిగువకు పోయిందనో చూపించగలిగితే ఆ వాదనకు బలం ఉంటుంది. మా మేనల్లుడి విషయంలో సందేశం నమోదైన నంబరుకే వెళ్లింది కాబట్టి, కనీస నిల్వ కింద కోసింది వెనక్కి రాలేదు. కార్డు రుసుము మాత్రం, అతను కార్డు వద్దని రాసిచ్చాక, శాఖ మేనేజరు తన విచక్షణతో తిరిగి వేయించాడు. ఖాతా ఇప్పుడు కావలి శాఖలో, బేసిక్ ఖాతాగా ఉంది. ప్రీమియాన్ని గడువు మీద ఇచ్చే అదనపు రోజుల్లో, ఇంకా నాలుగు రోజులుండగా, అతను చేత్తో కట్టాడు.